రెండూ నిజమే, అయినా జవాబు తప్పు: నిశ్చితం–కారణం ప్రశ్నలు

1971లో అపోలో 15 యాత్రలో చంద్రుడి మీద దిగిన డేవిడ్ స్కాట్ ఒక చేత్తో సుత్తినీ, మరో చేత్తో డేగ ఈకనూ పట్టుకుని టెలివిజన్ కెమెరా ముందు నిలబడ్డాడు. రెండింటినీ ఒకే ఎత్తు నుంచి ఒకేసారి వదిలాడు. సుత్తీ, ఈకా కలిసి జారి ఒకేసారి చంద్రుడి నేలను తాకాయి. ఈ సంగతి ఆధారంగా తయారు చేయగల ప్రశ్న ఒకటి చూడండి.

నిశ్చితం: చంద్రుడి మీద ఒకే ఎత్తు నుంచి వదిలిన సుత్తి, ఈక ఒకేసారి నేలను చేరతాయి.
కారణం: చంద్రుడి ఉపరితలం మీద గురుత్వాకర్షణ భూమి మీద ఉన్న దానిలో సుమారు ఆరో వంతు మాత్రమే.

దీన్ని చదివిన పదిమంది విద్యార్థుల్లో చాలామంది తల ఊపి, "రెండూ సరైనవే, కారణం నిశ్చితానికి సరైన వివరణ" అని గుర్తు పెట్టేస్తారు. మొదటి వాక్యం నిజం. రెండో వాక్యమూ నిజమే. రెండూ చంద్రుడి గురించే, రెండూ కింద పడటం గురించే. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కాని జవాబు తప్పు. సుత్తి, ఈక కలిసి పడింది అక్కడ గాలి లేకపోవడం వల్ల. గురుత్వం తక్కువ కావడం వల్ల అవి నెమ్మదిగా పడ్డాయి. కలిసి పడటానికీ దానికీ సంబంధం లేదు. చంద్రుడి గురుత్వం భూమికి రెండింతలు ఉన్నా, గాలి లేనంతవరకు అవి కలిసే పడి ఉండేవి.

నిశ్చితం–కారణం తరహా ప్రశ్నలు మన విద్యార్థులకు కొత్త కాదు. సివిల్ సర్వీసెస్ ప్రాథమిక పరీక్షలోనూ, ఎంసెట్‌లోనూ ఇవి చాలా ఏళ్ళు కనిపించాయి. 2019 వరకు విడిగా జరిగిన ఎయిమ్స్ వైద్య ప్రవేశ పరీక్షలో వీటికి ప్రత్యేక విభాగమే ఉండేది. ఇప్పుడు నీట్‌లోనూ, సీబీఎస్ఈ బోర్డు ప్రశ్నపత్రాల్లోనూ వస్తున్నాయి. ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది పాఠం తెలియక కాదు. మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా చదవడం వల్ల.

ఆ మూడూ ఏమిటంటే: నిశ్చితం నిజమా? కారణంగా ఇచ్చిన వాక్యం నిజమా? రెండూ నిజమైతే, రెండోది మొదటిదాన్ని వివరిస్తోందా? మూడో ప్రశ్న మొదటి రెండింటికీ "అవును" అని జవాబు వచ్చినప్పుడే పుడుతుంది. ఒక్కటి అబద్ధమైనా వివరణ ఊసే లేదు. ఇది చెప్పడం తేలిక. చేయడం ఎందుకు కష్టమో చూద్దాం.

ఒకదాన్ని చేత్తో మూసి చదవడం

ప్రశ్నపత్రంలో రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మన కన్ను వాటి మధ్య లేని "ఎందుకంటే" అనే మాటను తనంతట తాను చేర్చుకుంటుంది. ఆ మాట చేరగానే రెండు వాక్యాలూ ఒక కథ అవుతాయి. కథ నమ్మదగ్గదిగా ఉంటే అందులోని ప్రతి ముక్కా నిజమనిపిస్తుంది.

నిశ్చితం: మన దేశంలో జనవరి కంటే జూన్ వేడిగా ఉంటుంది.
కారణం: జూన్‌లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది.

పొయ్యికి దగ్గరగా జరిగితే వేడి ఎక్కువ అన్నది ఇంట్లో అందరికీ తెలిసిన విషయం. అందుకే కారణం నిజమనిపిస్తుంది. నిశ్చితాన్ని చేత్తో మూసి, కారణాన్ని ఒంటరిగా చదవండి: "జూన్‌లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది." ఇప్పుడిది వేడి గురించిన వాక్యం కాదు, దూరం గురించిన వాక్యం. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో. అప్పుడు దూరం సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. అతి దూరంగా వెళ్ళేది జూలై మొదటి వారంలో. అప్పుడు సుమారు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు. కనుక నిశ్చితం నిజం, కారణం అబద్ధం. వివరణ దాకా వెళ్ళే పనే లేదు.

ఇదే ప్రశ్నను కొంచెం తెలివైన పరీక్షకుడు ఇలా మారుస్తాడు. కారణం: "సూర్యుడికీ భూమికీ మధ్య దూరం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు." ఇప్పుడు కారణం నిజమైంది. అయితే రుతువులకు మూలం భూమి అక్షం వాలి ఉండటం కాబట్టి, రెండూ నిజమే కాని వివరణ సరికాదు అన్నది జవాబు. ఒక్క వాక్యం మారింది, జవాబు ఒక మెట్టు జరిగింది. పాత ప్రశ్నలకు జవాబుల అక్షరాలు బట్టీ పట్టేవారు దెబ్బతినేది ఇక్కడే.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. నిజమైన కారణం పక్కన నిలబడి అబద్ధపు నిశ్చితానికి గౌరవం తెచ్చిపెడుతుంది.

నిశ్చితం: గాలి లేని చోట బరువైన వస్తువు తేలికైన దానికంటే ముందు నేలను చేరుతుంది.
కారణం: బరువైన వస్తువును భూమి ఎక్కువ బలంతో ఆకర్షిస్తుంది.

కారణం అక్షరాలా నిజం. రెండు కిలోల రాయి మీద పనిచేసే బలం ఒక కిలో రాయి మీద పనిచేసే దానికి రెట్టింపు. కాని రెండు కిలోల రాయిని కదిలించడానికి కావలసిన బలం కూడా రెట్టింపే. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, త్వరణం ఒకటే అవుతుంది. నిశ్చితం అబద్ధమని స్కాట్ చేతిలోని సుత్తే చెప్పింది. బలం ఎక్కువైతే వేగం ఎక్కువ అన్న కథ ఎంత సహజంగా ఉందంటే, శతాబ్దాల పాటు పండితులు దాన్ని నమ్మారు. పదిహేనేళ్ళ పిల్లవాడు నిమిషం వ్యవధిలో నమ్మడంలో వింతేమీ లేదు.

కాబట్టి చేత్తో మూయడం అన్నది మాటవరసకు చెప్పింది కాదు. నిజంగానే మూయాలి. నిశ్చితం పక్కన ఒప్పో తప్పో పెన్సిలుతో గుర్తు పెట్టాలి. తరవాత దాన్ని మూసి కారణం పక్కన మరో గుర్తు పెట్టాలి. రెండు గుర్తులూ పడేదాకా "ఎందుకంటే" అనే మాట నోట రాకూడదు. వాక్యాన్ని ఒంటరిగా చదివినప్పుడు "అన్ని", "ఎల్లప్పుడూ", "మాత్రమే" వంటి చిన్న మాటలు కూడా కంటబడతాయి. కథగా చదివినప్పుడు అవి జారిపోతాయి.

అంతరిక్షంలో తేలేవారి సంగతి

ఇప్పుడు అసలు కష్టమైన భాగానికి వద్దాం. రెండు గుర్తులూ ఒప్పు పడ్డాయి. వివరణ అవునో కాదో తేల్చడం ఎలా?

నిశ్చితం: అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగాములు భారరహిత స్థితిలో తేలుతుంటారు.
కారణం: భూమి ఉపరితలం నుంచి పైకి వెళ్ళేకొద్దీ గురుత్వాకర్షణ తగ్గుతుంది.

2025లో శుభాంశు శుక్లా ఆ కేంద్రంలో తేలుతూ మాట్లాడిన దృశ్యాలు మనమంతా చూశాం. నిశ్చితం ఒప్పు. ఎత్తుతో గురుత్వం తగ్గుతుందన్నది న్యూటన్ సూత్రం. కారణమూ ఒప్పే. పైగా రెండింటినీ కలిపితే చక్కని కథ: పైకి పోయారు, గురుత్వం తగ్గింది, తేలుతున్నారు.

కథను పక్కనబెట్టి, ఎంత తగ్గిందో లెక్క వేద్దాం. కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. గురుత్వాకర్షణ నేల నుంచి కొలిచిన దూరం మీద ఆధారపడదు, భూకేంద్రం నుంచి కొలిచిన దూరం మీద ఆధారపడుతుంది. భూమి వ్యాసార్ధం సుమారు 6,400 కిలోమీటర్లు. నేల మీద నిలబడ్డ మనిషి భూకేంద్రానికి 6,400 కిలోమీటర్ల దూరంలో ఉంటే, వ్యోమగామి 6,800 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. 6,400ను 6,800తో భాగించి వర్గం చేస్తే సుమారు 0.89 వస్తుంది. అంటే నేల మీద ఉన్న గురుత్వంలో ఇంచుమించు 89 శాతం అక్కడా ఉంది. 400 కిలోమీటర్ల ఎత్తయిన గోపురం కట్టి, దాని కొన మీద కాటా పెట్టి, ఇక్కడ 60 కిలోలు తూగే మనిషిని దాని మీద నిలబెడితే ముల్లు 53 దగ్గర ఆగుతుంది. ఆ మనిషి తేలడు. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో ఒక పక్కన కూలబడతాడు.

ఇది మొదటి పరీక్ష. కారణాన్ని ఉంచి, మిగతా పరిస్థితి మార్చి చూశాం. ఎత్తు ఉంది, గురుత్వం తగ్గింది, కాని తేలడం లేదు.

రెండో పరీక్ష దీనికి తిరగేసినది. కారణాన్ని తీసేసి చూడాలి. గురుత్వం ఏమాత్రం తగ్గని చోట, నేలకు దగ్గరలోనే, భారరహిత స్థితి వస్తుందా? వస్తుంది. వ్యోమగాములకు శిక్షణ ఇచ్చే విమానాలు ఆకాశంలో విల్లులాంటి వంపు మార్గంలో పైకి లేచి కిందికి దిగుతాయి. ఆ వంపులో సుమారు 20 నుంచి 25 సెకన్ల పాటు లోపలివాళ్ళు గాలిలో తేలతారు. విమానం ఎగిరే ఎత్తులో గురుత్వం నేల మీద ఉన్నదానికి ఇంచుమించు సమానం. తాడు తెగిన లిఫ్టులోనూ ఇదే జరుగుతుంది, దాన్ని ప్రయోగం చేసి చూడమని ఎవరికీ చెప్పను.

కారణం ఉన్నచోట ఫలితం లేదు. ఫలితం ఉన్నచోట కారణం లేదు. మరి రెండు చోట్లా కలిసి నడుస్తున్నది ఏది? విమానమూ, అందులోని మనుషులూ, కేంద్రమూ, అందులోని వ్యోమగామీ, అందరూ ఒకే త్వరణంతో స్వేచ్ఛగా పడుతున్నారు. నేల తానూ పడుతుంటే కాలి కింద అది మనల్ని తిరిగి నెట్టదు. మనం బరువు అని అనుభవించేది ఆ నెట్టుడునే. కేంద్రం పడుతుంటే నేలను ఎందుకు తాకదని అడగవచ్చు. అది సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్లు ముందుకు పోతుంది. అదే సెకనులో సుమారు 4.3 మీటర్లు కిందికి పడుతుంది. గుండ్రని భూమి కూడా ఆ 7.7 కిలోమీటర్ల దూరంలో సరిగ్గా అంతే కిందికి వంగుతుంది. అందువల్ల పడుతున్నా ఎత్తు తగ్గదు. చూడండి, ఇక్కడ గురుత్వం తగ్గడం కారణం కాకపోగా, గురుత్వం ఉండటమే అవసరమైంది. అది నిజంగా లేకపోతే కేంద్రం తిన్నగా అంతరిక్షంలోకి పోయేది. 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలోని చంద్రుణ్ణి కూడా కట్టి ఉంచుతున్నది ఆ ఆకర్షణే కదా.

పరీక్ష గదిలో ఇంత లెక్క వేసే తీరిక ఉండదు, నిజమే. కాని ఒక చిన్న పని చేయవచ్చు. నిశ్చితం చదవగానే, కారణం వైపు చూడకుండా, "ఇది ఎందుకు జరుగుతుంది?" అని తనకు తాను అడిగి మనసులో ఒక్క ముక్కలో జవాబు చెప్పుకోవాలి. "స్వేచ్ఛా పతనం" అన్న మాట ముందే మనసులో పడితే, కింద "ఎత్తుతో గురుత్వం తగ్గుతుంది" అన్న వాక్యం కనబడినప్పుడు రెండూ ఒకటి కావని వెంటనే తెలుస్తుంది. ముందుగా ఏమీ అనుకోకుండా కారణం చదివితే, ఆ వాక్యమే మన జవాబై కూర్చుంటుంది.

ఒకే కారణం, రెండు నిశ్చితాలు

ఫలానా వాక్యం "మంచి కారణం" అని విడిగా అనడానికి లేదు. వివరణ అన్నది రెండు వాక్యాల మధ్య సంబంధం. నీటి విషయంలో ఇది బాగా తెలుస్తుంది. "నీటి సాంద్రత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యధికం" అన్న వాక్యం తీసుకుందాం. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్నదే, నిజమే. దీన్ని రెండు నిశ్చితాల కింద పెట్టి చూద్దాం.

మొదటి నిశ్చితం: మంచు నీటి మీద తేలుతుంది. చాలా అభ్యాస పుస్తకాల్లో ఈ జంట కనిపిస్తుంది. నీటి అసంగత వ్యాకోచం అనే ఒకే పాఠంలో రెండూ ఉండటంతో విద్యార్థి రెండింటినీ కట్టేస్తాడు. అంకెలు చూడండి. లీటరు నీరు 4 డిగ్రీల దగ్గర సుమారు 1000 గ్రాములు. 0 డిగ్రీల దగ్గర ద్రవ నీరు సుమారు 999.8 గ్రాములు. అంటే 4 నుంచి 0కి వచ్చేసరికి తగ్గింది గ్రాములో ఐదో వంతు కంటే తక్కువే. అదే 0 డిగ్రీల దగ్గర గడ్డకట్టిన లీటరు మంచు సుమారు 917 గ్రాములు. మంచు తేలడానికి లెక్కకు వచ్చేది ఈ 83 గ్రాముల తేడా. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో మధ్యలో ఖాళీలున్న అమరికలోకి వెళ్ళడం దీనికి మూలం. 4 డిగ్రీల దగ్గర ఉన్న శిఖరం ద్రవ నీటి సంగతి.

అనుమానం ఉంటే కారణాన్ని తీసేసి చూసే పరీక్ష పెట్టండి. దానికి ప్రకృతిలోనే సిద్ధంగా ఒక ద్రవం ఉంది. కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీటికి 4 డిగ్రీల శిఖరం లేదు. అది చల్లబడేకొద్దీ, సున్నాకు దాదాపు 2 డిగ్రీలు దిగువన గడ్డకట్టేదాకా, సాంద్రత పెరుగుతూనే పోతుంది. అయినా ధ్రువ సముద్రాల మీద మంచు తేలుతూనే ఉంది. శిఖరం లేదు, తేలడం ఉంది. కాబట్టి శిఖరం తేలడానికి వివరణ కాదు.

రెండో నిశ్చితం: చలిదేశాల్లో పైన మంచు కట్టిన లోతైన మంచినీటి సరస్సు అడుగున నీరు దాదాపు 4 డిగ్రీల దగ్గర ద్రవంగానే ఉంటుంది. ఇప్పుడు అదే కారణం సరిగ్గా అతుకుతుంది. పైనుంచి చల్లబడే నీరు 4 డిగ్రీలకు చేరేదాకా బరువెక్కి అడుగుకు దిగుతుంది. అంతకంటే చల్లబడితే తేలికై పైనే ఉండిపోతుంది. అడుగున 4 డిగ్రీల నీరే మిగులుతుంది. చేపలు బతికి బయటపడతాయి. ఇక్కడ శిఖరాన్ని తీసేస్తే నిశ్చితం కూలిపోతుంది. అదే పాఠం, అదే వాక్యం, ఒకచోట వివరణ కాదు, మరోచోట అవును.

పొగ వల్ల నిప్పు పుడుతుందా

ఇంకో రకం ఉచ్చు మన ప్రాచీన తార్కికులకు బాగా తెలుసు. 17వ శతాబ్దికి చెందిన, తెలుగువాడిగా చెప్పుకునే అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చదువుకున్నవారికి కొండ మీది పొగ ఉదాహరణ గుర్తుంటుంది. కొండ మీద నిప్పు ఉందని ప్రతిజ్ఞ. పొగ కనబడుతోందని హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటింటి ఉదాహరణ. అనుమానంగా ఇది నిర్దుష్టం. కాని ఆ పొగ నిప్పు ఉందని మనకు తెలియడానికి హేతువు, నిప్పు పుట్టడానికి హేతువు కాదు. నిప్పు వల్ల పొగ వచ్చింది, పొగ వల్ల నిప్పు రాలేదు.

"కారణం" అనే మాటకు మన భాషలో ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. "వాడికి జ్వరం, ఎందుకంటే థర్మామీటరు 102 చూపిస్తోంది" అని అందరం అంటాం. తప్పు లేదు. కాని థర్మామీటరు జ్వరం తెప్పించలేదు. ఈ తరహా ప్రశ్నల్లో అడిగేది రెండో అర్థంలో కారణం, అంటే జరగడానికి కారణం. కింది జంట చూడండి.

నిశ్చితం: సోడియం క్లోరైడ్ అయానిక సమ్మేళనం.
కారణం: కరగబెట్టిన సోడియం క్లోరైడ్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది.

రెండూ నిజం. విద్యుత్తు ప్రవహించడం చూసి అందులో అయాన్లు ఉన్నాయని గుర్తిస్తాం. అది సాక్ష్యం. సోడియం క్లోరైడ్ అయానికం కావడానికి మూలం, సోడియం పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకోవడం, క్లోరిన్ పరమాణువు దాన్ని అందుకోవడం. ఈ ఉచ్చును పట్టుకోవడానికి తేలిక ఉపాయం ఉంది. రెండు వాక్యాలనూ తారుమారు చేసి మధ్యలో "ఎందుకంటే" పెట్టండి. "కరగబెట్టిన సోడియం క్లోరైడ్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది, ఎందుకంటే అది అయానిక సమ్మేళనం." ఇది ఇంకా సహజంగా ఉంటే, ఇచ్చిన క్రమంలో కారణం అసలు ఫలితమన్నమాట.

మన తార్కికులు మరో అడుగు కూడా వేశారు. కుండ తయారు కావడానికి ముందు మట్టి మోసిన గాడిద కూడా అక్కడ ఉంది, కుమ్మరి తండ్రి అంతకుముందే ఉన్నాడు, సారెను తిప్పే కర్రకు ఒక రంగు ఉంది. ఇవన్నీ కుండకు ముందు ఉన్నవే. కాని వీటిని కుండకు కారణాలుగా లెక్కించరు, అన్యథాసిద్ధాలు అని పక్కన పెడతారు. చంద్రుడి గురుత్వం, సుత్తీ ఈకల విషయంలో, కర్ర రంగులాంటిది. ఉంది, నిజమే, కాని కుండ దానివల్ల కాలేదు.

కీ కూడా తడబడే చోటు

అన్ని ప్రశ్నలూ ఇలా తేలిపోతాయని చెబితే అబద్ధమాడినట్టే. ప్రశ్న రాసేవారు సగం దారిలో ఆగిపోయినవి కూడా వస్తుంటాయి. ఉదాహరణకు ఇలాంటిది.

నిశ్చితం: ధమనుల గోడలు సిరల గోడల కంటే మందంగా ఉంటాయి.
కారణం: ధమనులు రక్తాన్ని గుండె నుంచి బయటికి తీసుకుపోతాయి.

రెండూ ఒప్పే. వివరణ అవునా? ఉపాధ్యాయులు ఇద్దరుంటే ఇక్కడ రెండు జవాబులు రావచ్చు. గుండె నుంచి బయటికి వచ్చే రక్తం ఎక్కువ పీడనంతో వస్తుంది, ఆ పీడనాన్ని తట్టుకోవడానికి మందమైన గోడ కావాలి, కాబట్టి అవునని ఒకరు అంటారు. పీడనం అనే మాట ప్రశ్నలో లేదు, ప్రవాహ దిశ మాత్రమే ఉంది, దిశ గోడను మందం చేయదు, కాబట్టి కాదని మరొకరు అంటారు.

నా ఓటు రెండో వారికి. కారణం ఉంచి పరిస్థితి మార్చే పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. పుపుస ధమని కూడా రక్తాన్ని గుండె నుంచే బయటికి తీసుకుపోతుంది. మహాధమనిలో పీడనం గుండె ముడుచుకున్నప్పుడు సుమారు 120 మిల్లీమీటర్ల పాదరస స్తంభానికి సమానమైతే, పుపుస ధమనిలో అది సుమారు 25 మాత్రమే. పుపుస ధమని గోడ మహాధమని గోడ కంటే బాగా పలచన. దిశ ఒకటే, పీడనం వేరు, మందం పీడనాన్ని అనుసరించింది. గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేసేటప్పుడు కాలి నుంచి తీసిన సిరను మహాధమనికి కలుపుతారు. ధమని పీడనం తగిలిన ఆ సిర గోడ కాలక్రమాన మందమవుతుంది. కనుక "ధమనుల్లో రక్తం ఎక్కువ పీడనంతో ప్రవహిస్తుంది" అన్నదే వివరణ. ఇచ్చిన వాక్యం దానికి ఒక మెట్టు దూరంలో ఆగింది.

అయినా, మొదటి జవాబు రాసిన విద్యార్థిని అజ్ఞాని అనలేం. వదిలేసిన మెట్టు పాఠంలో ఉన్నదే, మనసులో పూరించుకోవచ్చు. ఇలాంటి చోట ఒక కొలత పెట్టుకోవచ్చు: ఇచ్చిన కారణానికీ నిశ్చితానికీ మధ్య మీరు కొత్తగా ఎన్ని వాక్యాలు చేర్చాల్సి వచ్చింది? ఏమీ చేర్చనక్కర్లేకపోతే అది వివరణ. చేర్చిన వాక్యమే అసలు పని చేస్తుంటే, కారణం కేవలం దాని పొరుగున ఉన్నట్టు. తాత్కాలిక కీ ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించే పరీక్షల్లో కూడా, "నాకు ఇలా అనిపించింది" అని రాసే బదులు పుపుస ధమనిలాంటి ఒక్క ఎదురు ఉదాహరణ చూపితే వాదనకు బలం వస్తుంది.

తీసేసి చూసే పరీక్షకు కూడా ఒక హద్దు ఉందని ఇక్కడే చెప్పాలి. ఒకే ఫలితానికి రెండు కారణాలు చెరోవైపు నుంచి సరిపోతుంటే, ఒకదాన్ని తీసేసినా ఫలితం నిలుస్తుంది. అంతమాత్రాన తీసేసింది కారణం కాదనలేం. బట్టలు ఎండతోనూ ఆరతాయి, గాలితోనూ ఆరతాయి. మబ్బు పట్టిన రోజు గాలికి ఆరాయని, నిన్న ఎండకు ఆరలేదని అనగలమా? అందుకే ఒక్క పరీక్షతో ఆగకుండా, కారణం పనిచేసే దారిని మెట్టుమెట్టుగా చెప్పగలమా అని కూడా చూడాలి. అంతరిక్ష కేంద్రం విషయంలో గురుత్వం తగ్గడం నుంచి తేలడం దాకా అలాంటి దారి లేదు. 89 శాతం దగ్గరే అది తెగిపోయింది.

చివరిగా, సైన్సుతో సంబంధం లేకపోయినా మార్కులు తినేసే సంగతి ఒకటి. సరైన ఎంపికల వరుస అన్ని పరీక్షల్లోనూ ఒకేలా ఉండదు. మొదటి మూడూ సాధారణంగా ఒకటే: రెండూ నిజం, వివరణ సరైనది, రెండూ నిజం, వివరణ సరికాదు, నిశ్చితం నిజం, కారణం అబద్ధం. నాలుగోది కొన్ని పత్రాల్లో "నిశ్చితం అబద్ధం, కారణం నిజం" అని ఉంటే, కొన్నింటిలో "రెండూ అబద్ధం" అని ఉంటుంది. కొన్నింటిలో ఐదో ఎంపిక కూడా ఉంటుంది. గాలి లేని చోట బరువైన వస్తువు ముందు పడుతుందన్న ప్రశ్నలో సరిగ్గా ఆలోచించి, నిశ్చితం అబద్ధం, కారణం నిజం అని తేల్చుకున్న విద్యార్థి, పాత అలవాటుతో నాలుగోది గుర్తు పెట్టి, అది ఆ పత్రంలో "రెండూ అబద్ధం" కావడంతో మార్కు పోగొట్టుకోవచ్చు. పత్రం చేతికి రాగానే, మొదటి ప్రశ్న కంటే ముందు, ఆ నాలుగు వరుసలూ ఒకసారి చదవాలి.